వడగళ్ళు, బరువైన దెబ్బలు: అమీర్‌పేట, పంజాగుట్ట పైకప్పుల తట్టుకొనే శక్తి - ఒక పోలిక

ప్రవేశిక:

అమీర్‌పేట, పంజాగుట్ట ప్రాంతాలలో శిక్షణకేంద్రాలు, వసతిగృహాలు, దుకాణాలు ఒకదానినొకటి ఆనుకొని ఉంటాయి. డాబాలపై వంటకో, బట్టలు ఆరవేయడానికో వేసిన తేలికపాటి కప్పులకు పక్కనే వాటికంటే ఎత్తైన భవనాలు కనిపిస్తాయి. అందువల్ల ఇక్కడి కప్పుకు వేసవిలో వడగళ్ళ దెబ్బతోపాటు, పై అంతస్తుల నుంచి జారిపడే వస్తువుల దెబ్బ కూడా పొంచి ఉంటుంది. 2019 సెప్టెంబరు 22న అమీర్‌పేట మెట్రోస్టేషను కింద వానకు నిలబడిన ఒక మహిళ, పైనుంచి పెచ్చు ఊడిపడి మరణించిన సంగతి నగరవాసులకు తెలిసినదే. ఈ రెండు రకాల దెబ్బలనూ ఒకే కొలతతో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

దెబ్బలోని శక్తి:

వడగల్లు వ్యాసం రెట్టింపయితే దాని బరువు ఎనిమిది రెట్లవుతుంది. పడే వేగం కూడా పెరుగుతుంది. ఫలితంగా దెబ్బలోని శక్తి సుమారు పదహారు రెట్లవుతుంది. సౌరఫలకాల పరీక్షా ప్రమాణాలలో 25 మిల్లీమీటర్ల మంచుగుండు బరువు సుమారు 7.5 గ్రాములు, వేగం సెకనుకు 23 మీటర్లు. దాని శక్తి దాదాపు 2 జౌళ్ళు. 45 మిల్లీమీటర్ల గుండుకు అది 21 జౌళ్ళకు చేరుతుంది. ఇక 3 కిలోల ఇటుక 9 మీటర్ల ఎత్తునుంచి, అంటే సుమారు మూడో అంతస్తు నుంచి జారితే, కప్పును తాకే శక్తి 265 జౌళ్ళు. పెద్ద వడగల్లుకంటే ఇది పన్నెండు రెట్లకు పైమాటే.

'వడగల్లు'లోని 'కల్లు' శబ్దానికి రాయి అని అర్థం. అయితే ఆ రాయి తాకగానే తానే చితికి, కొంత శక్తిని మింగుతుంది. ఇటుక అంతగా చితకదు. కాబట్టి ఇనుపగుండును జారవిడిచి చేసిన పరీక్షనూ, మంచుగుండును విసిరి చేసిన పరీక్షనూ శక్తి సమానమైనంతమాత్రాన సమానంగా చదవరాదు.

పెంకులు:

బంగాళాపెంకు, కాంక్రీటు పెంకు రెండూ పెళుసైనవే. దెబ్బ పైన తగిలినా చీలిక అడుగువైపు మొదలవుతుంది. వంగినప్పుడు సాగే ముఖం అదే. రెండు బద్దీల మీద ఆనిన పెంకుకు మూలలు, ఒకదానిపై ఒకటి ఎక్కే అంచులు బలహీనస్థానాలు. మందం ఎక్కువగల కాంక్రీటు పెంకు సాధారణంగా ఎక్కువ దెబ్బ ఓర్చుకొంటుంది. కానీ దాని బరువు కూడా ఎక్కువ కనుక, దానిని మోసే దూలాలను ముందే సరిచూడాలి. పగులు సన్నగా ఉంటే కంటికి ఆనదు. వాన వెలిసి పెంకు ఆరాక వేలితో తట్టి చూస్తే మంచి పెంకు ఖంగుమంటుంది. పగిలినది బొంగురుగా పలుకుతుంది. కుండ కొనేవారికి ఈ పరీక్ష కొత్త కాదు.

లోహపు రేకులు:

రేకు పగలదు, సొట్టపడుతుంది. సొట్టను అడ్డుకొనే శక్తి సుమారుగా మందం వర్గాన్ని బట్టి, ఉక్కు గట్టిదనాన్ని బట్టి పెరుగుతుంది. అంటే 0.35 మిల్లీమీటర్ల రేకుకు బదులు అదే ఉక్కుతో 0.50 మిల్లీమీటర్లది వేస్తే నిరోధం దాదాపు రెట్టింపవుతుంది. ధర తేడా చూసి మందం తగ్గించుకొనేవారు ఈ లెక్కను గుర్తించరు. సొట్ట పడగానే కప్పు కారదు. అయినా అందులో నీరు నిలిచి, జింకుపూత పగిలినచోట తుప్పు మొదలవుతుంది. కనుక వడగళ్ళ తరువాత సొట్టలను లెక్కించడంకంటే, రేకులు కలిసే అంచులు తెరుచుకొన్నాయా, మరల కింది రబ్బరు వాషర్లు జరిగాయా అని చూడటం ముఖ్యం.

పాలీకార్బొనేట్:

కొత్తదైన గట్టి రేకు పెంకులకంటే పెళుసుదనం చాలా తక్కువది. దెబ్బకు వంగి తిరిగి లేస్తుంది. లోపల గదులున్న రేకు వేరు. 10 మిల్లీమీటర్ల మందం అని చెప్పినా అందులో ఎక్కువభాగం గాలే. వడగల్లు మొదట తాకేది పై పలుచని పొరను. దీని అసలు శత్రువు ఎండ. అతినీలలోహిత కిరణాలను ఆపే పూత చాలా రేకులకు ఒకవైపే ఉంటుంది. రక్షణ కాగితంమీద సూచించిన ఆ ముఖాన్ని కిందికి పెడితే, రేకు త్వరగా పసుపెక్కి పెళుసవుతుంది. మరలను మరీ బిగించినా, థిన్నరువంటి ద్రావకంతో తుడిచినా రంధ్రాల చుట్టూ సన్నని చీలికలు పుడతాయి. అటువంటి రేకుకు కొత్తనాటి పరీక్షాఫలితం వర్తించదు.

బరువైన వస్తువు పడితే:

పై 265 జౌళ్ళ ఇటుకను ఈ కప్పులపై ఊహించండి. పెంకులు పగిలి ఇటుకతోపాటు ముక్కలూ కిందివారిపై పడతాయి. పలుచని రేకు చిరగవచ్చు, లేదా మరల దగ్గర ఊడిరావచ్చు. కొత్త పాలీకార్బొనేట్ రేకు తాను పగలకపోయినా చట్రంలోంచి జారిపోవచ్చు. కాబట్టి పక్కభవనంలో నిర్మాణం జరుగుతున్నంతకాలం, 'వడగళ్ళను తట్టుకొంటుంది' అన్న హామీని నమ్మి ఆ కప్పు కింద మనుషులను కూర్చోబెట్టరాదు. పైన బలమైన వల కట్టించాలి, లేదా ఆ అంచును ఖాళీగా ఉంచాలి. దెబ్బతిన్న కప్పును చూడటానికి ఎక్కేవారు కూడా రేకు మీద గాని, పెంకు మీద గాని నేరుగా కాలు మోపక, దూలం నుంచి దూలానికి వేసిన చెక్కపై నడవాలి.