లాభం ఎక్కడిది? లావాదేవీ ఎవరితో?

2022లో అమెజాన్ కంపెనీ ఆపరేటింగ్ లాభం సుమారు 1,225 కోట్ల డాలర్లు. ఈ ఒక్క అంకె చూస్తే ఇంటింటికీ పార్సిళ్లు చేరవేసే వ్యాపారం మోస్తరుగా లాభాల్లోనే ఉందనిపిస్తుంది. అదే వార్షిక నివేదికలో సెగ్మెంట్ల నోట్‌కు వెళ్తే కథ తిరగబడుతుంది. ఉత్తర అమెరికా వ్యాపారంలో దాదాపు 285 కోట్ల డాలర్ల నష్టం, మిగతా దేశాల్లో మరో 775 కోట్ల నష్టం. కంప్యూటర్ సర్వర్లను అద్దెకిచ్చే ఏడబ్ల్యూఎస్ విభాగం ఒక్కటే 2,284 కోట్ల డాలర్లు తెచ్చిపెట్టింది. అమ్మకాల్లో ఆరో వంతైనా లేని విభాగం మిగతా రెండింటి నష్టాలనూ పూడ్చి, పైన లాభం మిగిల్చిందన్నమాట.

ఆ వివరం ఎప్పుడూ ఉన్నది కాదు. 2015 మొదటి త్రైమాసికం దాకా ఏడబ్ల్యూఎస్ లెక్కను అమెజాన్ విడిగా చూపలేదు. విడదీసి చూపాకే ఆ విభాగం ఎంత లాభసాటిదో బయటివాళ్లకు తెలిసింది.

మన దేశంలో దీన్ని నడిపించేది ఇండ్ ఏఎస్ 108 అనే అకౌంటింగ్ ప్రమాణం. కంపెనీని నడిపే పెద్దలు వ్యాపారాన్ని లోపల ఏ భాగాలుగా చూసుకుంటూ డబ్బు కేటాయిస్తారో, ఆ భాగాలనే వాటాదారులకూ చూపాలన్నది దాని మూలసూత్రం. ఆదాయంలోగానీ లాభనష్టాల్లోగానీ ఆస్తుల్లోగానీ పది శాతం దాటిన భాగాన్ని విడిగా చెప్పాలి. ఒకే కొనుగోలుదారు నుంచి పది శాతానికి మించి ఆదాయం వస్తుంటే, పేరు చెప్పకపోయినా ఆ సంగతి చెప్పాల్సిందే.

ఇందులోనే ఒక బలహీనత కూడా ఉంది. గీతలు గీసేది యాజమాన్యమే. నష్టాల విభాగాన్ని పోలికలున్న లాభాల విభాగంతో కలిపేయవచ్చు. హెడ్డాఫీసు ఖర్చును ఎవరి నెత్తిన ఎంత వేయాలో తామే తేల్చుకోవచ్చు. అందుకే నిరుటి విభాగాలు ఈ ఏడాది మారాయా, ఏ విభాగానికీ కేటాయించని ఖర్చు ఏటా ఉబ్బుతోందా అన్నవి నేను ముందుగా చూస్తాను. లాభాల అంకె తర్వాతి మాట.

రెండో నోట్ రిలేటెడ్ పార్టీలది. కన్సాలిడేటెడ్ ఖాతాల్లో మాతృసంస్థకూ దాని అనుబంధ కంపెనీలకూ మధ్య జరిగిన అమ్మకాలు కొట్టివేతకు గురవుతాయి. కానీ ప్రమోటర్ బావమరిది సొంతంగా పెట్టుకున్న కంపెనీ ఆ గ్రూపులో ఉండదు. దానికి అమ్మిన సరుకు మామూలు అమ్మకాల్లో కలిసిపోతుంది, బాకీ మామూలు బాకీల్లో కలిసిపోతుంది. ఉదాహరణకు వెయ్యి కోట్ల అమ్మకాల్లో రెండు వందల కోట్లు అలాంటి కంపెనీకే వెళ్లాయనుకుందాం. ఏడాది చివరికి అందులో నూట ఎనభై కోట్లు ఇంకా రాలేదు. పైన మొత్తం చూస్తే బాకీలు కాస్త పెరిగాయనే తోస్తుంది. నోట్‌లో మాత్రం అమ్మకం పక్కనే బాకీ కనబడి, ఇది నిజంగా అమ్మకమేనా అన్న అనుమానం పుట్టిస్తుంది. లావాదేవీ ఎంత, ఇంకా రావలసింది ఎంత అని రెండూ చెప్పమని ఇండ్ ఏఎస్ 24 అడిగేది ఇందుకే.

హైదరాబాద్ దీన్ని కళ్లారా చూసింది. 2008 డిసెంబర్ 16న సత్యం కంప్యూటర్స్ బోర్డు మేటాస్ ప్రాపర్టీస్‌నూ, మేటాస్ ఇన్‌ఫ్రాలో 51 శాతాన్నీ మొత్తం 160 కోట్ల డాలర్లకు కొనాలని నిర్ణయించింది. అవి సత్యం అధినేత రామలింగరాజు కుటుంబానికి చెందిన కంపెనీలు. సాఫ్ట్‌వేర్ కంపెనీకి భూములెందుకు, అమ్ముతున్నదెవరు అని మదుపరులు మండిపడ్డారు. గంటల్లోనే ఆ నిర్ణయం వెనక్కి పోయింది. ఖాతాల్లో మోసం ఉందని అప్పటికి వాళ్లకు తెలియదు. అమ్మేవాడూ కొనేవాడూ ఒకే ఇంటివాళ్లన్నది మాత్రం తెలుసు. ఇప్పుడైతే సెబీ నిబంధనల ప్రకారం ఇంత పెద్ద లావాదేవీకి వాటాదారుల ఆమోదం కావాలి, సంబంధీకులు దానికి అనుకూలంగా ఓటు వేయకూడదు.

అసలు సంగతి 2009 జనవరి 7 నాటి రాజు లేఖలో బయటపడింది. బ్యాంకుల్లో ఉన్నట్టు చూపిన డబ్బులో 5,040 కోట్ల రూపాయలు లేనే లేవు. మేటాస్ కొనుగోలు ఆ ఉత్తుత్తి ఆస్తుల స్థానంలో నిజమైన ఆస్తులు పెట్టడానికి చేసిన చివరి ప్రయత్నమని ఆయనే రాశారు. మేటాస్‌కు చెల్లింపులను తర్వాతికి వాయిదా వేయవచ్చని కూడా ఆశించారట. లేని నగదును ఏ సెగ్మెంట్ నోటూ పట్టివ్వదు, దానికి బ్యాంకు నుంచి నేరుగా ధ్రువీకరణ తెప్పించుకోవాలి. ఆ కొనుగోలే గనక జరిగి ఉంటే, ఖాతాల్లో నగదు తగ్గి భూములు పెరిగేవి, కన్సాలిడేటెడ్ మొత్తం చూసినవారికి అందులో వింతేమీ తోచేది కాదు.