పెళ్లి ప్రసంగానికి మూడు గ్రీకు మాటలు

స్నేహితుడి పెళ్లిలో నాలుగు మాటలు చెప్పాల్సి వస్తే ఈ రోజుల్లో చాలామంది గ్రీకు మాటల్ని ఎత్తుకుంటున్నారు. ఏరోస్ అంటే మోహం, ఫిలియా అంటే స్నేహం, అగాపే అంటే ఏమీ ఆశించని ప్రేమ. దంపతులు ఒక్కో మెట్టూ ఎక్కాలి అని చెబుతారు. వినసొంపుగానే ఉంటుంది గానీ, పాత గ్రంథాల్లో ఈ మాటల మధ్య ఇంత గట్టి గోడలు లేవు.

యూదుల లేఖనాల ప్రాచీన గ్రీకు అనువాదంలో, అమ్నోను తన సవతి చెల్లెలు తామారుపై పెంచుకున్న దుర్మార్గపు మోహాన్ని కూడా అగాపే అనే అన్నారు. ఆ మాటకు మనం ఇచ్చే ఉన్నతమైన అర్థం ఎక్కువగా మొదటి శతాబ్దపు క్రైస్తవ రచనల నుంచి వచ్చింది. తెలుగు చర్చి పెళ్లిళ్లలోనూ వినిపించే కొరింథీయుల మొదటి పత్రిక 13వ అధ్యాయాన్ని పౌలు రాసింది వధూవరుల కోసం కాదు. నా వరం గొప్పదంటే నాది గొప్పదని పోట్లాడుకుంటున్న సంఘాన్ని సరిదిద్దడానికి రాశాడు. ఈ నేపథ్యం ఒక్క వాక్యంలో చెప్పండి, కొత్త కాపురానికి ఆ అధ్యాయం ఎందుకు పనికొస్తుందో అందరికీ తెలుస్తుంది.

ఏరోస్ గురించి ప్లేటో ‘సింపోజియం’లో విందుకొచ్చినవాళ్లు వంతులవారీగా మాట్లాడతారు. జ్యూస్ మనుషుల్ని రెండుగా కోశాడని, అప్పటినుంచి ఎవరి సగాన్ని వాళ్లు వెతుక్కుంటున్నారని అందులో అరిస్టోఫనీస్ చెప్పే కథ ప్రసిద్ధం. అయితే అది ఒక పాత్ర చెప్పిన కథ. అదే విందులో సోక్రటీస్ దాన్ని ఒప్పుకోడు. అందుకే ‘ప్లేటో ఏమన్నాడంటే’ అని మొదలుపెట్టకండి.

నన్నడిగితే పెళ్లి ప్రసంగానికి అన్నిటికన్నా అక్కరకొచ్చేది ఫిలియా. అరిస్టాటిల్ ‘నికోమాకియన్ ఎథిక్స్’లో రెండు భాగాలు దీనికే కేటాయించాడు. తల్లీబిడ్డల అనుబంధం, ఊరివాళ్ల మధ్య సఖ్యత కూడా అతని లెక్కలో ఫిలియానే. ప్రయోజనం, సంతోషం, ఎదుటివారి మంచితనం అనే మూడింటిలో ఏదో ఒకటి దానికి ఆధారం. మొదటి రెండూ భార్యాభర్తల మధ్య ఉంటాయని, ఇద్దరూ మంచివాళ్లయితే మూడోదీ ఉంటుందని అన్నాడు. కలిసి చాలా ఉప్పు తినేదాకా మనుషులు ఒకరికొకరు తెలియరన్న సామెతనూ గుర్తుచేశాడు. ఇంట్లో పెత్తనం భర్తదేనన్న అతని అభిప్రాయాన్ని మాత్రం నేను అంగీకరించను, మీరూ ఆ భాగం వదిలేయండి.

ఉదాహరణకు, పరీక్షల ముందు ఆమెకు జ్వరం వస్తే అతను నోట్సు రాసిపెట్టాడనుకోండి. అంతవరకే చెబితే అది ప్రయోజనం. మార్కుల్లో ఆమె తనను దాటిపోతే ఊరంతా మిఠాయి పంచాడని కూడా చెప్పండి. అప్పుడు మూడో ఆధారం కనిపిస్తుంది. ఫిలియా అన్న మాటను ఆ తర్వాత, ఒక్కసారే పలకండి. పొద్దున చర్చిలో పాస్టరుగారు 13వ అధ్యాయం చదివి ఉంటే, సాయంత్రం మీరు అగాపే జోలికి వెళ్లనక్కర్లేదు.