తగ్గితే చాలదు, తగినంత తగ్గాలి

కాగితం మీద నాలుగు సంఖ్యలు వేసుకుందాం: 4, 2.25, 1.5625, 1.2656. ప్రతి సంఖ్యా ముందున్న దానికంటే చిన్నదే. f(x) = x² అనే ప్రమేయం విలువను అడుగడుగునా తగ్గించుకుంటూ పోయే ఒక పద్ధతి వరుసగా ఇచ్చిన విలువలివి. x = 2 దగ్గర బయల్దేరి −1.5కి, అక్కడి నుంచి 1.25కి, మళ్లీ −1.125కి గెంతింది. దీని కనిష్ఠ విలువ సున్నా అని మనకు ముందే తెలుసు. కానీ పదో అడుగు తర్వాత ఈ పద్ధతి చూపించే విలువ 1.00195. ఎన్ని వేల అడుగులు వేయనిచ్చినా 1కి కిందికి రాదు. ఏ అడుగులోనూ విలువ పెరగలేదు, అయినా గమ్యం చేరే దారి లేదు.

జరుగుతున్నదేమిటంటే, ప్రతిసారీ లోయ అడుగును దాటేసి అవతలి గట్టు మీద దాదాపు అదే ఎత్తుకు ఎక్కుతోంది. దిశలో తప్పు లేదు. తప్పంతా అడుగు పొడవులో ఉంది. "కొత్త విలువ పాతదానికంటే తక్కువైతే చాలు" అనే పరీక్ష ఆ తప్పును పట్టుకోలేదు.

పట్టుకోవాలంటే ఎంత తగ్గిందని మాత్రమే చూస్తే సరిపోదు, ఎంత తగ్గుతుందని ఆశ పెట్టిందో దానితో పోల్చాలి. ఆ ఆశ పెట్టేది వాలు. రెండో గెంతు చూడండి. x = −1.5 దగ్గర వాలు పరిమాణం 3. గెంతు పొడవు 2.75. దారి పొడవునా అదే వాలు ఉండి ఉంటే విలువ 3 × 2.75, అంటే 8.25 మేర తగ్గాలి. నిజంగా తగ్గింది 2.25 − 1.5625 = 0.6875. రూపాయి ఇస్తానని చెప్పి ఎనిమిది పైసలు చేతిలో పెట్టినట్టు. మూడో గెంతులో అది అయిదు పైసలకు పడిపోతుంది. ఆ తర్వాత ఇంకా తక్కువ.

లారీ ఆర్మిజో 1966లో పసిఫిక్ జర్నల్ ఆఫ్ మ్యాథమెటిక్స్‌లో అచ్చేసిన వ్యాసంతో ఈ పోలికకు ఆయన పేరే స్థిరపడింది. ఆర్మిజో నిబంధన, లేదా తగినంత తగ్గుదల నిబంధన అంటారు. సూత్రంగా రాస్తే ఇంతే:

f(x + t·p) ≤ f(x) + c·t·(∇f(x)·p)

p అనేది మనం వెళ్లే దిశ, t అడుగు పొడవు. ∇f(x)·p ఆ దిశలో వాలు. దిగుతున్నాం కాబట్టి అది రుణ సంఖ్య. కుడిపక్క మొత్తాన్ని ఈ వ్యాసంలో 'హద్దు' అందాం. c మనం ఎంచుకునే చిన్న భిన్నం. 0.1 అనుకుంటే, వాలు చెప్పిన ప్రతి రూపాయికి కనీసం పది పైసలైనా రాబట్టాలని షరతు పెట్టామన్నమాట.

ఇదే షరతును ఆ గెంతుల మీద పెట్టి చూద్దాం. మొదటి గెంతు పన్నెండున్నర పైసలు తెచ్చింది, కాబట్టి నెగ్గుతుంది. రెండోది ఎనిమిది పైసల దగ్గర ఆగిపోతుంది. అప్పుడు దిశ మార్చం, పొడవును సగం చేస్తాం: 2.75 కాస్తా 1.375 అవుతుంది. −1.5 నుంచి అంత దూరం నడిస్తే −0.125 దగ్గర తేలతాం. అక్కడ విలువ 0.0156. హద్దు 1.8375 కాబట్టి ఇబ్బందే లేదు. 1 దాటి కిందికి రాలేని పద్ధతి ఒక్కసారి సగం చేయగానే లోయ అడుగుకు ఇంత దగ్గరకొచ్చింది. ఇలా పెద్ద అడుగుతో మొదలుపెట్టి, నిబంధన నెగ్గేదాకా వెనక్కి తగ్గుతూ రావడమే బ్యాక్‌ట్రాకింగ్ లైన్ సెర్చ్.

ఒక్క చరరాశితో అసలు రుచి తెలియదు. f(x, y) = x² + 10y² తీసుకుందాం. y వైపు నిటారుగా, x వైపు సాదాసీదాగా వాలిన పళ్లెం ఇది. (10, 1) దగ్గర విలువ 110. గ్రేడియెంట్ (20, 20). దానికి ఎదురుదిశలో దిగుతాం, కాబట్టి p = (−20, −20), వాలు −800. c = 0.1 అనుకుని t = 1తో మొదలుపెడితే ఇలా నడుస్తుంది:

| t | చేరిన చోటు | విలువ | హద్దు |
|---|---|---|---|
| 1 | (−10, −19) | 3710 | 30 |
| 1/2 | (0, −9) | 810 | 70 |
| 1/4 | (5, −4) | 185 | 90 |
| 1/8 | (7.5, −1.5) | 78.75 | 100 |

నాలుగో ప్రయత్నంలో 78.75 హద్దుకు లోపల పడింది, ఆ అడుగు వేసేస్తాం. విలువతో పాటు హద్దు కూడా వరుస వరుసకూ మారుతోందని గమనించండి. పెద్ద అడుగు పెద్ద ఆశ పెడుతుంది, కాబట్టి దానికి హద్దు కఠినం. అడుగు చిన్నదయ్యేకొద్దీ హద్దు 110 వైపు సడలుతుంది.

(7.5, −1.5) దగ్గర గ్రేడియెంట్ (15, −30). ఇక్కడ 1/8 కూడా చెల్లదు, విలువ 82.27కి పెరుగుతుంది. 1/16 దగ్గర (6.5625, 0.375) చేరి విలువ 44.47 అవుతుంది. హద్దు 71.72, నెగ్గింది. మూడో అడుగుకు వస్తే కథ మారుతుంది. గ్రేడియెంట్ (13.125, 7.5). t = 1, 1/2 రెండూ ఓడతాయి కానీ 1/4 నెగ్గుతుంది. విలువ 33.27, హద్దు 38.76.

ఈ మూడో అడుగు దగ్గర కాస్త నిలబడాలి. ఇదే ప్రమేయం మీద t = 1/4ను మార్చకుండా ప్రతిసారీ వాడితే y ప్రతి అడుగులో −4 రెట్లవుతూ పేలిపోతుంది. 0.1కి మించిన స్థిరమైన అడుగు ఏదైనా ఇక్కడ ప్రమాదమే. అయినా ఆ క్షణానికి y చాలా చిన్నదిగా, x పెద్దదిగా ఉంది కాబట్టి 1/4 లాభసాటి అయింది. y 0.375 నుంచి −1.5కి ఎగిరిన మాట నిజమే, కానీ x వైపు వచ్చిన లాభం ఆ నష్టాన్ని మించింది. మూడు అడుగుల్లో t విలువలు 1/8, 1/16, 1/4. అందుకే ప్రతి అడుగుకూ t = 1 నుంచి కొత్తగా మొదలుపెట్టడం. కిందటిసారి ఎక్కడ ఆగిందో అక్కడి నుంచే సగం చేసుకుంటూ పోతే 1/16 దాటి పైకి రావడం ఎప్పటికీ కుదరదు.

ఇంకో సంగతి. అదే మూడో అడుగులో 1/8 వేసి ఉంటే విలువ 27.39 వచ్చేది, 33.27 కంటే మేలు. బ్యాక్‌ట్రాకింగ్ ఆ 1/8ని చూడనే లేదు. అన్నిట్లో మంచి అడుగును వెతకడం దీని పని కాదు, చెల్లుబాటయ్యే మొదటి అడుగు దొరకగానే ఆగిపోతుంది. మరో నాలుగు లెక్కలు వేసి అత్యుత్తమ t కనుక్కున్నా, తర్వాతి అడుగులో దిశ ఎలాగూ మారిపోతుంది. ఆ శ్రమకు తగ్గ ఫలితం సాధారణంగా ఉండదు.

ఇది ఎక్కడో ఒకచోట ఆగుతుందన్న భరోసా ఏమిటి? మన పళ్లెంలో వాలు అత్యంత వేగంగా మారేది y దిశలో, 20 చొప్పున. గ్రేడియెంట్‌కు ఎదురుగా వెళ్తే రూపాయికి దక్కే వాటా ఏ చోటైనా కనీసం 1 − 10t అని దాన్నుంచి తేలుతుంది. 0.1 కావాలంటే t 0.09కి మించకపోతే చాలు. 1/16 అంటే 0.0625. కాబట్టి ఎక్కడ నిలబడినా అయిదో ప్రయత్నానికల్లా అడుగు దొరికి తీరుతుంది. ఆ 20 అనే సంఖ్య మనకు తెలియకపోయినా ఈ పద్ధతి పనిచేస్తుంది. నాకు దీనిలో అన్నిటికన్నా నచ్చేది అదే.

cని ఎంత పెట్టాలనేదానికి ఒక గట్టి ఎల్ల ఉంది. x² మీద x = 2 నుంచి సూటిగా కనిష్ఠానికి చేరే అడుగు వేసి చూడండి. దూరం 2, వాలు 4, ఆశ 8. తగ్గింది 4. సరిగ్గా సగం. వర్గ ప్రమేయాలన్నిటికీ ఇంతే, దిశలోని అత్యుత్తమ అడుగు సగమే తెస్తుంది. c సగానికి మించితే ఆ మంచి అడుగునే తోసేస్తాం. అందుకే cని 0.5 కంటే తక్కువగా, వాడుకలో చాలాసార్లు 0.0001 అంత చిన్నగా పెడతారు.

ఈ నిబంధన ఒక్కటే చూసుకుని అడుగులను ఇష్టం వచ్చినట్టు ఎంచుకుంటే మాత్రం మరో గోతిలో పడతాం. x² మీదే 2, 1.5, 1.25, 1.125 అంటూ నడిచే పద్ధతిని ఊహించండి. మొదటి అడుగు ఆశ 2, దక్కింది 1.75. ప్రతి అడుగూ ఆర్మిజో పరీక్ష దర్జాగా నెగ్గుతుంది, అయినా x ఎప్పటికీ 1 దగ్గరే ఇరుక్కుంటుంది. మరీ చిన్న అడుగులను ఈ నిబంధన ఆపదు. వాటిని ఆపేది పెద్ద t నుంచి దిగి రావడమనే క్రమం. t కుదించామంటే దానికి రెట్టింపు అడుగు ఓడిపోయిందనే అర్థం.

ఇక ప్రోగ్రామ్ రాసేటప్పుడు ఎక్కడ తేడా కొడుతుందో చూద్దాం. అన్నిటికంటే ఎక్కువగా ఎదురయ్యేది గ్రేడియెంట్‌ను తప్పు రాయడం. మన ప్రమేయంలో 20y బదులు −20y అని పడిందనుకోండి. (10, 1) దగ్గర p = (−20, 20) అవుతుంది. ప్రోగ్రామ్ వాలు −800 అనే అనుకుంటుంది, నిజమైన వాలు సున్నా. ఆ దారిలో విలువ 110 + 4400t². ఎంత కుదించినా 110 కంటే పైనే. t = 1/1024 దగ్గర కూడా విలువ 110.004, హద్దు 109.92. లూప్ సగం చేస్తూనే ఉంటుంది. గ్రేడియెంట్ పెద్దదిగా ఉండగానే t ఇలా పది, ఇరవైసార్లు కుదించుకుపోతోందంటే ముందు అవకలనాన్నే అనుమానించాలి. yని 1 నుంచి 1.001కి జరిపితే 10y² విలువ 0.02001 పెరుగుతుంది. భాగిస్తే 20.01. గుర్తు ధనమా రుణమా అన్నది అక్కడే తేలిపోతుంది.

గ్రేడియెంట్ దాదాపు సున్నా అయినప్పుడు t కుదించుకుపోతే అది వేరే జబ్బు. ప్రమేయానికి 1000 అనే స్థిరాంకం కలిపి ఉందనుకుందాం. మామూలు డబుల్ లెక్కలో 1000 పక్కన ఉండే సంఖ్యల మధ్య ఎడం సుమారు 10⁻¹³. రావాల్సిన తగ్గుదల దానికంటే చిన్నదైతే కంప్యూటర్‌కు కనిపించదు, చివరి అంకె సవరింపుల్లో విలువ పైకి తిరిగితే పరీక్ష ఓడుతుంది. అక్కడ చేయాల్సిన పని ఆగిపోవడమే, కనిష్ఠానికి అందినంత దగ్గరకు వచ్చేశాం.

మూడోది లూప్ రాసే తీరులో దాక్కుంటుంది. ఇక్కడ `g` అంటే x దగ్గరి గ్రేడియెంట్, `f0` అంటే f(x).

```python
t = 1.0
slope = g @ p
while not f(x + t*p) <= f0 + c*t*slope:
    t *= 0.5
```

`while f_new > limit` అని రాస్తే ఇంకా సూటిగా ఉండేది కదా అనిపిస్తుంది. కానీ ప్రమేయంలో `log` ఉండి, మొదటి పెద్ద అడుగు x ని రుణ సంఖ్యల్లోకి తోసిందనుకోండి. `numpy`లో విలువ `nan` అవుతుంది. `nan`తో చేసే `>`, `<=` పోలికలు రెండూ అబద్ధమే. కాబట్టి `nan > limit` అబద్ధమై లూప్ అక్కడే ముగుస్తుంది, చెడిన అడుగును మంచిదని ఒప్పేసుకుంటుంది. తర్వాతి గ్రేడియెంట్, తర్వాతి x అన్నీ `nan`లే. పైన రాసినట్టు `not ... <=` అంటే అదే `nan` ఓటమిగా లెక్కలోకొస్తుంది, t సగమై మళ్లీ `log`కు చెల్లే వైపు తిరిగొస్తుంది. లూప్ అంతులేకుండా తిరగకుండా t 10⁻¹⁰ దాటి తగ్గితే ఆపేసి, ఆ సమయంలో గ్రేడియెంట్ ఎంత ఉందో తెర మీద చూపించే ఒక వరుస కూడా లూప్ లోపల చేర్చుకోండి.