సీసా పగిలిందంటే బాట్ పక్కకు తప్పుకోవాలి

ఇంట్లో పెట్టిన పచ్చళ్లను ఇన్‌స్టాగ్రామ్‌లో చూపించి, వాట్సాప్‌లో ఆర్డర్లు తీసుకుని, కొరియర్‌లో పంపే దుకాణాలు మన ఊళ్లలో చాలానే ఉన్నాయి. అలాంటి ఒక దుకాణాన్ని ఊహించుకుందాం. పనిచేసేది నలుగురు. మామూలు రోజుల్లో నలభై యాభై పార్సిళ్లు పోతాయి. కొత్తావకాయ దిగే మే నెలలో అది వంద దాటుతుంది. ముక్కలు కొట్టించాలి, కారం కలపాలి, సీసాలు నింపాలి. మధ్యలో ఫోన్ మోగుతూనే ఉంటుంది. నా పార్సిల్ ఎక్కడిదాకా వచ్చింది, వెల్లుల్లి వేయని ఆవకాయ ఉందా, మా పిన్‌కోడ్‌కు పంపుతారా... కారం చేతులతో ఎన్నింటికని జవాబివ్వగలరు? అప్పుడు చాట్‌బాట్ గుర్తుకొస్తుంది.

చాట్‌బాట్ అమ్మేవాళ్లు అది వేటికి జవాబు చెప్పగలదో చూపిస్తారు. దుకాణం నడిపేవాళ్లు ముందుగా తేల్చుకోవాల్సింది మాత్రం అది ఎక్కడ ఆగాలన్నది. జవాబు రికార్డులో ఉంటే బాట్ చెప్పొచ్చు. జవాబు ఎవరో ఒకరు తీసుకోవాల్సిన నిర్ణయమైతే అది మనిషి పని. బాట్ తయారీ మొత్తం ఈ గీత చుట్టూనే తిరగాలని నేను గట్టిగా నమ్ముతాను.

రోజుకు పది పదిహేను మెసేజ్‌లే వచ్చే దుకాణానికి అసలు బాట్ అక్కర్లేదు. వాట్సాప్ బిజినెస్ యాప్ ఉచితంగానే దొరుకుతుంది. దుకాణం మూసి ఉన్నప్పుడు దానంతటదే ఒక మెసేజ్ పంపుతుంది, తరచూ ఇచ్చే జవాబులను దాచిపెట్టుకుని ఒక్క తాకుతో పంపే వీలుంటుంది. అది చాలు.

అంతకు మించిన రద్దీ ఉన్నవాళ్లు గత రెండు నెలల చాట్‌లు తెరిచి, ఓ రెండు మూడు వందల ప్రశ్నలను వరుసగా ఒక షీట్‌లో రాసుకోవాలి. విసుగు పుట్టించే పనే, కానీ దీన్ని వేరేవాళ్లకు అప్పగించకూడదు. రాస్తూ పోతే ప్రశ్నలు వాటంతటవే కుప్పలు పడతాయి. ఇలాంటి దుకాణాల్లో సాధారణంగా పెద్ద కుప్ప పార్సిల్ ఎక్కడుందన్నది. తర్వాత కొనేముందు అడిగేవి: ధర, బరువు, ఏ నూనె వాడతారు, ఎన్ని రోజులు నిలవుంటుంది. చివరిది చిన్న కుప్ప. సీసా పగిలింది, బూజు పట్టింది, డబ్బు కట్ అయింది గానీ ఆర్డర్ పడలేదు. దుకాణం పేరు నిలబడేదీ పోయేదీ ఈ చిన్న కుప్ప దగ్గరే.

ఈ చదువులో ఇంకో సంగతి బయటపడుతుంది. మనవాళ్లు తెలుగును ఇంగ్లిష్ అక్షరాల్లో, ఎవరికి తోచినట్టు వాళ్లు టైప్ చేస్తారు. ఒకరు "naa order inka raledu" అంటారు, ఇంకొకరు "na ordr raaledandi", మరొకరు "parcel yekkada undi". ఒకే స్పెల్లింగ్‌ను పట్టుకుని వెతికే బాట్ వీటి ముందు తెల్లమొహం వేస్తుంది. భాషా నమూనాతో నడిచే కొత్త రకం బాట్లు చాలావరకు అర్థం చేసుకుంటాయి, అయినా మన కస్టమర్లు పంపిన అసలు వాక్యాలతోనే పరీక్షించాలి. బటన్లు పెడితే టైపింగే తప్పుతుంది. వాట్సాప్‌లో ఒక మెసేజ్ కింద మూడు జవాబు బటన్లు పెట్టొచ్చు. వాటిలో ఒకటి ఎప్పుడూ "మనిషితో మాట్లాడాలి" అని ఉండాలి. మర్యాద కోసం మాత్రమే కాదు, ఆటోమేటిక్ జవాబులు వాడే దుకాణాలు మనిషి దగ్గరికి తేలికైన దారి చూపాలని వాట్సాప్ నిబంధనల్లోనే ఉంది.

పార్సిల్ ప్రశ్న తేలికగా కనిపిస్తుంది. ఫోన్ నంబరును బట్టి ఆర్డర్ వెతికి, కొరియర్ వాళ్ల స్థితి చూసి చెప్పడమే కదా అనిపిస్తుంది. కానీ హైదరాబాద్‌లో ఉండే కొడుకు ఆర్డర్ పెడతాడు, పార్సిల్ ఒంగోల్లో ఉన్న అమ్మకు వెళ్తుంది, అడిగేది ఆమె. ఆమె నంబరు మీద ఆర్డరేమీ ఉండదు. "మీ పేరున ఆర్డర్ లేదు" అని బాట్ తేల్చేస్తే ఆమె కంగారు పడుతుంది. అలాగని ఎవరడిగినా చిరునామా, కట్టిన మొత్తం చెప్పేయకూడదు. ఆర్డర్ నంబరు, చేరాల్సిన చోటి పిన్‌కోడ్ అడిగి, రెండూ సరిపోతే పార్సిల్ ఎక్కడుందో మాత్రం చెప్పాలి.

కొరియర్ రికార్డు కూడా ఒక్కోసారి దారి తప్పిస్తుంది. విజయవాడ గోదాములో పార్సిల్ నాలుగు రోజులుగా కదలకపోయినా తెర మీద "In Transit" అనే ఉంటుంది. బాట్ రోజూ "మీ పార్సిల్ దారిలో ఉంది" అనే చెబుతుంది. అబద్ధం కాదు, కానీ అడిగిన మనిషికి పనికొచ్చే మాటా కాదు. అందుకే స్థితి మారి మూడు రోజులు దాటినా, చెప్పిన తేదీ గడిచిపోయినా, కస్టమర్ అడగకముందే దాన్ని మనిషి జాబితాలో వేసే ఏర్పాటు ఉండాలి. కొరియర్ ఆఫీసుకు ఫోన్ చేసి గట్టిగా అడిగే పని బాట్ వల్ల కాదు.

రీఫండ్ లాంటి మాటల్లో ఇంకా జాగ్రత్త కావాలి. ఎయిర్ కెనడా విమాన సంస్థ చాట్‌బాట్ 2022లో ఒక ప్రయాణికుడికి తప్పు చెప్పింది. దగ్గరి బంధువు చనిపోతే ఇచ్చే టికెట్ తగ్గింపును ప్రయాణం అయ్యాక కూడా అడగొచ్చంది. సంస్థ అసలు విధానం అది కాదు. తగాదా బ్రిటిష్ కొలంబియాలోని ట్రైబ్యునల్‌కు వెళ్లింది. బాట్ చెప్పినదానికి తాము బాధ్యులం కామని సంస్థ వాదించినా, 2024 ఫిబ్రవరిలో ట్రైబ్యునల్ ఒప్పుకోలేదు, పరిహారం కట్టమంది. మన పచ్చళ్ల దుకాణానికి ఇది అక్షరాలా వర్తించే తీర్పు కాకపోవచ్చు, కానీ మన కస్టమర్ కూడా అలాగే అనుకుంటారు: దుకాణం నంబరు నుంచి వచ్చింది దుకాణం మాటే. కాబట్టి రీఫండ్, గడువు, ఎంత మొత్తం అన్నవి బాట్ సొంతంగా అల్లకూడదు. యజమాని రాసిపెట్టిన వాక్యమే, ఉన్నది ఉన్నట్టుగా పంపాలి. రాసిన దాంట్లో లేని ప్రశ్న వస్తే మనిషికి ఇవ్వాలి.

తినే వస్తువు కాబట్టి ఒక గీత మరీ గట్టిగా గీయాలి. "పల్లీ నూనె వాడతారా?" అంటే సీసా లేబుల్ మీదున్న పదార్థాలను బాట్ చూపించొచ్చు. "మా బాబుకు పల్లీలు పడవు, పెట్టొచ్చా?" అంటే చూపించి ఊరుకోకూడదు. ఒకే వంటింట్లో రెండు నూనెలూ వాడుతుంటే ఆ సంగతి లేబుల్‌లో ఉండకపోవచ్చు, వంట చేసేవాళ్లకే తెలుస్తుంది. తిన్నాక ఒంట్లో బాగోలేదన్న మాట వస్తే మెసేజ్‌లు ఆపి ఫోన్ చేయాలి.

మిగిలిన సందర్భాల్లో మనిషికి ఎప్పుడివ్వాలో చెప్పడం కష్టం కాదు. కస్టమర్ అడిగితే వెంటనే. రెండుసార్లు అర్థం కాకపోతే మూడోసారి అడిగించకుండా. డబ్బు పోయిందంటే, ఫొటో గానీ వాయిస్ మెసేజ్ గానీ వస్తే. మన పెద్దవాళ్లు టైప్ చేయడం కన్నా మాట్లాడి పంపడానికే ఇష్టపడతారు, "వాయిస్ మెసేజ్‌లు తీసుకోబడవు" అని వాళ్లకు చెప్పడం కస్టమర్‌ను పోగొట్టుకోవడమే. పెళ్లికి ముప్ఫై కిలోలు కావాలన్న మెసేజ్ కూడా మనిషికే రావాలి.

ఇచ్చే తీరు ఎలా ఉండాలి? శనివారం రాత్రి 8 గంటలకు ఒకావిడ పగిలిన సీసా ఫొటో పంపారనుకోండి. "మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం" అని బాట్ అననక్కర్లేదు. ఇలా అంటే చాలు: "ఫొటో అందిందండి. ఈ విషయం మా దుకాణంలో మనిషే చూస్తారు. మీ ఆర్డర్ 2187 వివరాలు వారికి పంపాను. సోమవారం ఉదయం 11 గంటల లోపు మెసేజ్ చేస్తారు. ఆ సీసాలో పచ్చడి వాడకండి, గాజు ముక్కలు ఉండొచ్చు." ఆ తర్వాత బాట్ ఆ చాట్‌లో నోరు మెదపకూడదు. మనిషి మాట్లాడుతుండగా మధ్యలో మెనూ వచ్చి పడటంలాంటి చిరాకు ఇంకోటి ఉండదు.

దుకాణం వైపు ఒక చిన్న చీటీ చేరాలి: "ఆర్డర్ 2187. గోంగూర అరకిలో, మాగాయ అరకిలో. 3న పంపాం, 6న అందింది. గోంగూర సీసా పగిలింది, ఫొటో ఉంది. ఆలస్యం గురించి 5న ఒకసారి అడిగారు. రీఫండ్ గురించి బాట్ ఏమీ చెప్పలేదు." చివరి వాక్యం అన్నిటికన్నా ముఖ్యం. బాట్ ఏం మాటిచ్చిందో తెలియకుండా మనిషి మాట్లాడితే ఒకే దుకాణం రెండు మాటలు చెప్పినట్టవుతుంది. చీటీ ఉంటే ఆవిడ చెప్పిందే మళ్లీ చెప్పే పనీ తప్పుతుంది.

ఇక్కడే చాలామంది ఊహించని చిక్కు ఒకటుంది. బాట్‌ను కలిపేందుకు వాడే వాట్సాప్ బిజినెస్ ప్లాట్‌ఫామ్‌లో, కస్టమర్ చివరి మెసేజ్ నుంచి 24 గంటల వరకే మనం ఇష్టమొచ్చినట్టు రాయగలం. తర్వాత ముందే ఆమోదం పొందిన నమూనా మెసేజ్ మాత్రమే వెళ్తుంది. ఆవిడ రాసింది శనివారం రాత్రి 8కి. ఆదివారం సెలవు. సోమవారం 11కి తీరిగ్గా జవాబు రాస్తే, గడువు దాటి పదిహేను గంటలైంది కాబట్టి అది వెళ్లదు. మాటిచ్చిన సమయానికే జవాబు సిద్ధమైనా ఆవిడకు అందదు. దీనికి రెండు దారులున్నాయి. ఆదివారం సాయంత్రం ఎవరో ఒకరు పది నిమిషాలు కూర్చుని మనిషికి వచ్చినవి మాత్రం చూడటం ఒకటి. లేదంటే "మీ ఆర్డర్ గురించి మా జవాబు సిద్ధంగా ఉంది, కొనసాగించడానికి సరే అని పంపండి" అనే నమూనాకు ముందే ఆమోదం తీసుకోవడం. దానికి చార్జీ పడుతుంది, కానీ ఆవిడ "సరే" అనగానే మళ్లీ 24 గంటలు తెరుచుకుంటాయి. నేనైతే మొదటిదే ఎంచుకుంటాను. పగిలిన సీసా పెట్టుకుని కూర్చున్న మనిషికి ఒక రోజు చాలా పెద్దది.

చట్టం గడువు ఇంకా పొడుగే. వినియోగదారుల పరిరక్షణ ఈ-కామర్స్ నియమాలు, 2020 ప్రకారం ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. డబ్బు కట్ అయి ఆర్డర్ పడని యూపీఐ కేసుల్లో బాట్ చెప్పదగ్గ ఒక మాట ఉంది. దుకాణానికి నిర్ధారణ అందని చెల్లింపును ఐదు రోజుల్లోపు వెనక్కి వేయాలని, ఆలస్యమైతే రోజుకు 100 రూపాయలు పరిహారంగా ఇవ్వాలని రిజర్వ్ బ్యాంక్ నిబంధన. బాట్ ఇది చెబుతూనే లావాదేవీ నంబరు తీసుకుని కేసును మనిషికి ఇవ్వాలి, ఎందుకంటే డబ్బు నిజంగా మన ఖాతాలో పడిందో లేదో చూడాల్సింది మనమే.

పెట్టాక ఎలా నడుస్తోందో తెలుసుకోవడంలో ఒక మోసం ఉంది. మనిషి దాకా రాని చాట్‌లన్నిటినీ "పరిష్కారమైనవి" అని చాలా బాట్ సేవల లెక్క చూపిస్తుంది. విసిగిపోయి ఫోన్ పక్కన పడేసిన కస్టమర్ కూడా ఆ లెక్కలోకే వస్తారు. అందుకే వారానికోసారి రెండు రకాల చాట్‌లు చదవాలి. బాట్ జవాబు తర్వాత కస్టమర్ మాట్లాడకుండా వెళ్లిపోయినవి ఒకటి. రెండు మూడు రోజుల్లో అదే మనిషి అదే విషయానికి తిరిగొచ్చినవి రెండోది. చదివితే కారణం తెలుస్తుంది: ఒకచోట బాట్ "మాగాయ"ను "మాయాగా" అనుకుని ఉంటుంది, ఇంకోచోట పిన్‌కోడ్ అడిగిన చోటే నలుగురు ఆగిపోయి ఉంటారు, ఎందుకంటే ఆ అమ్మకు కొడుకు పెట్టిన ఆర్డర్ నంబరే తెలియదు. అలాంటప్పుడు ప్రశ్నను మార్చి, నంబరు తెలియకపోతే పార్సిల్ అందుకునేవారి పేరు అడిగి నేరుగా మనిషికి కలపమని బాట్‌కు చెప్పాలి.