రిమోట్ చేతిలోనే ఉంది, తెలుగు ఎక్కడుంది?

విజయవాడ నుంచి డాలస్‌లోని కొడుకింటికి వెళ్లిన దంపతులను ఊహించుకోండి. ఇంటి దగ్గర నెట్‌ఫ్లిక్స్‌లో తెలుగు డబ్బింగ్‌తో సగం చూసిన సిరీస్ ఒకటి మిగిలిపోయింది. అక్కడ కొడుకు టీవీలో పెడితే ఇంగ్లిష్, స్పానిష్, ఇంకా రెండు మూడు భాషలు కనిపిస్తున్నాయి, తెలుగు లేదు. "ఇక్కడ మనకివ్వరేమోలేరా" అంటారు ఆయన. కావచ్చు, కాకపోవచ్చు. ఆ రెండింట్లో ఏదో తేల్చుకోకుండా మెనూలన్నీ తడుముకుంటూ పోతే సాయంత్రం అక్కడే గడిచిపోతుంది.

ముందు ఒక పరీక్ష చేయాలి. అదే సిరీస్‌ను అదే అకౌంట్‌తో కంప్యూటర్ బ్రౌజర్‌లో తెరిచి, ప్లే అవుతుండగా మాటల బుడగలాంటి గుర్తు మీద నొక్కి చూడాలి. అక్కడ తెలుగు ఉంటే లోపం టీవీ జాబితాలో ఉంది. అక్కడా లేకపోతే ప్రొఫైల్ సెట్టింగు చూడాలి. అది మార్చాక కూడా రాకపోతే, ఆ దేశంలో ఆ సిరీస్‌కు తెలుగు ఇవ్వలేదని దాదాపు ఖాయం చేసుకోవచ్చు.

టీవీలో లేనిది బ్రౌజర్‌లో ఎలా ఉంటుంది? నెట్‌ఫ్లిక్స్ చాలాకాలం టీవీల్లో అన్ని భాషలూ చూపలేదు. మీరున్న చోటును, మీ ప్రొఫైల్ భాషను బట్టి మీకు పనికొస్తాయనుకున్న అయిదారు భాషలనే ముందుకు తెచ్చేది. డాలస్‌లో ఇంగ్లిష్ ప్రొఫైల్‌కు ఆ లెక్కలో తెలుగు రాదు. 2025 ఏప్రిల్‌లో టీవీల్లోనూ పూర్తి జాబితా ఇస్తున్నామని కంపెనీ ప్రకటించింది. అప్‌డేట్లు అందని పాత టీవీల్లో మాత్రం కుదించిన జాబితాయే ఎదురుకావచ్చు.

దాన్ని సరిచేసే చోటు టీవీలో వెతికితే దొరక్కపోవచ్చు. బ్రౌజర్‌లో అకౌంట్ పేజీకి వెళ్లి, ప్రొఫైల్స్‌లో మీ పేరు ఎంచుకుని, `Languages` తెరవాలి. అందులో రెండు వేర్వేరు విషయాలుంటాయి. `Display Language` అంటే మెనూలు, బొత్తాలు ఏ భాషలో కనిపించాలన్నది. `Shows & Movies Languages` అంటే మీరు ఏ భాషల్లో చూస్తారన్నది. చాలామంది మొదటిదే మార్చి, ఏమీ జరగలేదని వదిలేస్తారు. రెండో దాంట్లో తెలుగుకు టిక్ పెట్టి సేవ్ చేసి, టీవీలో ఆ ప్రొఫైల్ నుంచి బయటికొచ్చి మళ్లీ లోపలికి వెళ్లాలి. అప్పటికీ మార్పు రాకపోతే యాప్‌లో సైనౌట్ అయి సైనిన్ కావాలి. ఈ సెట్టింగు ప్రొఫైల్‌కే పరిమితం కాబట్టి, అమ్మానాన్నలకు వేరే ప్రొఫైల్ పెట్టడం మేలు. ఒకే ప్రొఫైల్ వాడే ఇంట్లో నిన్న పిల్లలు ఎంచుకున్న భాషనే యాప్ గుర్తుపెట్టుకుని ఈరోజు పెద్దలకు వినిపిస్తుంది. "తనంతట తానే ఇంగ్లిష్‌లోకి మారిపోతోంది" అనే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఇదే.

ఏ సెట్టింగుకూ లొంగని సందర్భం కూడా ఒకటుంది. 2022 మేలో 'ఆర్ఆర్ఆర్' ఓటీటీకి వచ్చినప్పుడు హిందీ వెర్షన్ నెట్‌ఫ్లిక్స్‌కు వెళ్లింది. తెలుగు, తమిళం, కన్నడం, మలయాళం జీ5కు వెళ్లాయి. 2024 ఆగస్టులో 'కల్కి 2898 ఏడీ' విషయంలోనూ అంతే: హిందీ నెట్‌ఫ్లిక్స్‌లో, దక్షిణాది భాషలు ప్రైమ్ వీడియోలో. తెలుగువాళ్లు తీసిన సినిమా తెరిచి, ఆడియోలో తెలుగు లేకపోవడం చూసి యాప్ చెడిపోయిందనుకున్నవాళ్లను తప్పుపట్టలేం. నిర్మాతలు భాషల వారీగా హక్కులు అమ్ముకున్నారు, అంతే. ఆ సంగతి సినిమా పేజీలో ఒక్క ముక్కలో చెప్పవచ్చు కదా అనేది నా ఫిర్యాదు. ప్రైమ్‌లో ఇంకో తిరకాసు ఎదురుకావచ్చు. ఒకే సినిమా తెలుగు, తమిళ, హిందీ రూపాలు అక్కడ వేర్వేరు పోస్టర్లుగా ఉండవచ్చు. అలాంటప్పుడు తమిళ పోస్టర్ లోపల తెలుగు కోసం ఎంత గాలించినా రాదు. వెనక్కి వచ్చి, సెర్చ్‌లో సినిమా పేరు పక్కన తెలుగు అని చేర్చి వెతకాలి.

భాష దొరికింది గానీ వినిపించే మాటొకటి, కింద పడే అక్షరాలొకటి అనే గొడవ మరొకటి. 2021లో కొరియన్ సిరీస్ 'స్క్విడ్ గేమ్' వచ్చినప్పుడు దీని మీద ప్రపంచమంతా వాదులాడుకుంది. ఆ జాబితాలో ఇంగ్లిష్ సబ్‌టైటిల్ రెండు రకాలుగా ఉంది. ఉత్త `English` కొరియన్ మాటలకు అనువాదం. `English [CC]` వినికిడి లోపం ఉన్నవారి కోసం చేసింది. అది ఇంగ్లిష్ డబ్బింగ్ మాటలను అనుసరిస్తూ, తలుపు చప్పుడు, సంగీతం కూడా రాస్తుంది. డబ్బింగ్ రాసేవాళ్లు పెదవుల కదలికకు సరిపడేలా మాట మారుస్తారు, సబ్‌టైటిల్ రాసేవాళ్లు చదివే వేగానికి తగ్గట్టు కుదిస్తారు. రెండూ ఒకటిగా ఉండకపోవడం లోపం కాదు. కొరియన్ ఆడియో వింటుంటే మొదటిది, ఇంగ్లిష్ డబ్బింగ్ వింటుంటే రెండోది పెట్టుకుంటే గందరగోళం చాలావరకు తగ్గుతుంది.

పాత్రలు మాట్లాడే మధ్యలో ఎవరో కనబడని మనిషి "ఆమె కిటికీ వైపు నడిచింది" అని చెబుతుంటే, ఆడియో జాబితాలో `Audio Description` ఎంపికై ఉందన్నమాట. అది చూపు లేనివారికోసం చేసిన ట్రాక్. పక్కనే ఉన్న మామూలు ట్రాక్‌కు మారితే పోతుంది. మారినా ప్రతిసారీ తిరిగొస్తుంటే పరికరం సెట్టింగు చూడాలి. ఐఫోన్‌లో `Settings`లో `Accessibility` కింద `Audio Descriptions` ఉంటుంది. సబ్‌టైటిళ్లు మొండికేస్తే అక్కడే ఉన్న `Subtitles & Captioning` చూడాలి. ఆండ్రాయిడ్ టీవీలోనూ క్యాప్షన్ల స్విచ్ `Accessibility` లోపలే దాక్కుంటుంది. భాషకు సంబంధించినది భాష పేరుతో ఉన్న మెనూలో ఉండదని ఎవరు ఊహిస్తారు?

సబ్‌టైటిల్ మాటకంటే ముందో వెనకో పడుతుంటే, ఎప్పటినుంచి తేడా వచ్చిందో గమనించండి. మొదటి అరగంట సరిగ్గా ఉండి ఒక సన్నివేశం తర్వాత ఒకే పాటి తేడా కొనసాగితే, సబ్‌టైటిల్ ఫైలు వేరే నిడివి ప్రింటుకు చేసి ఉండవచ్చు. మధ్యలో ఏదో కత్తిరించారు. తేడా క్రమంగా పెరుగుతుంటే వేగం కుదరలేదు: సెకనుకు 24 ఫ్రేముల బొమ్మకు 25 ఫ్రేముల లెక్కతో చేసిన సబ్‌టైటిల్ తగిలిస్తే, గంటకు రెండు నిమిషాలకు పైగా ముందుకు జరిగిపోతుంది. ఈ రెండూ మన చేతిలో లేవు. పెదవులు, అక్షరాలు కలుస్తూ శబ్దం ఒక్కటే ఆలస్యంగా వస్తుంటే మాత్రం బ్లూటూత్ స్పీకర్‌ను అనుమానించండి. దాన్ని తీసేసి టీవీ స్పీకర్‌తో వింటే తెలిసిపోతుంది.

ప్రయాణానికని ఫోన్‌లోకి డౌన్‌లోడ్ చేసుకున్నవాటిలో అన్ని భాషలూ ఉండవు; చోటు కలిసొస్తుందని రెండు మూడే దిగుతాయి. కావలసిన భాష పెట్టి కొంచెం ప్లే చేసి, పాత డౌన్‌లోడ్ తీసేసి మళ్లీ దించుకోవాలి, అదీ వైఫై ఉన్నప్పుడే.

ఇంత చేశాకా తప్పు కంపెనీదేనని తేలితే ఊరుకోకండి. నెట్‌ఫ్లిక్స్‌లో `Viewing activity` పేజీలో ప్రతి ఎపిసోడ్ పక్కన `Report a problem` ఉంటుంది. తక్కిన యాప్‌ల హెల్ప్ పేజీలకు రాసేటప్పుడు "సబ్‌టైటిల్ బాగోలేదు" అని ఆపేయకుండా ఎపిసోడ్, నిమిషం, ఎంచుకున్న ఆడియో, సబ్‌టైటిల్, చూసిన పరికరం రాయండి. నిమిషం తెలియని ఫిర్యాదుతో అవతలివాళ్లు చేయగలిగేది ఏమీ ఉండదు.