పాత కొనుగోలుదార్ల వెంట ప్రకటనలు

ఎడిసన్‌లో ఉండే నా మిత్రుడి భార్య ఆన్‌లైన్లో చీరలు అమ్ముతారు. ఇప్పటిదాకా కొన్నవారు 412 మంది. మొన్నామధ్య ఫోన్ చేసి, "అన్నయ్యా, 120 డాలర్లు పెడితే ఫేస్‌బుక్ యాడ్స్ నెలలో 14 ఆర్డర్లు తెచ్చాయి!" అన్నారు. ఆ 14 నిజంగా యాడ్స్ తెచ్చినవేనా అని నాకు అనుమానం వచ్చింది.

ఆవిడ చేసింది రీటార్గెటింగ్. అంటే ఒకసారి కొన్నవారికే మళ్ళీ ప్రకటన చూపడం. 412 ఈమెయిళ్ళు అప్‌లోడ్ చేస్తే, ఫేస్‌బుక్ ఖాతాలతో సరిపోలినవి సుమారు 250. నెలలో యాడ్ 8000 సార్లు కనబడింది. అంటే ఒక్కొక్కరికి 32 సార్లు! యాడ్స్ మేనేజర్లో ఫ్రీక్వెన్సీ అనే కాలమ్ చూస్తే ఇది తెలిసిపోతుంది. పైగా, మామూలు సెట్టింగుల్లో, యాడ్ మీద క్లిక్ చెయ్యకపోయినా, చూసిన ఒక రోజులోగా కొంటే ఆ ఆర్డరు యాడ్ ఖాతాలోకే వెళుతుంది. పండక్కి ఎలాగూ కొనేవారు కూడా అందులో చేరిపోతారు.

అందుకని మరుసటి నెల ఒక చిన్న ప్రయోగం చేశాం. స్ప్రెడ్‌షీట్లో `=RAND()` కాలమ్ పెట్టి, దాని ప్రకారం సార్ట్ చేసి, జాబితాని 206 చొప్పున రెండు ముక్కలు చేశాం. మొదటి సగానికి 60 డాలర్ల యాడ్స్ చూపించి, రెండో సగాన్ని మినహాయింపు జాబితాలో పెట్టాం. నెలాఖరున యాడ్స్ మేనేజర్ని పక్కనపెట్టి ఆర్డర్ల పుస్తకం చూశాం. మొదటి సగం నుంచి 17 ఆర్డర్లు, యాడ్ చూపించని సగం నుంచి 15. తేడా రెండే! ఇంత చిన్న అంకెల్లో అయిదారు తేడా కాకతాళీయంగానే రావచ్చు. కాబట్టి యాడ్స్ పనిచెయ్యవని తేలలేదు గానీ, 14 మాత్రం నమ్మదగ్గ లెక్క కాదని తేలింది.

"మరి కొత్తవాళ్ళ సంగతి?" అన్నారావిడ. దానికి లుక్‌అలైక్ ఉంది. మన జాబితాలోని వారిని పోలినవారిని ఫేస్‌బుక్ వెతికిపెడుతుంది. ఒకే దేశం నుంచి కనీసం 100 మంది సరిపోలాలి. 1000 నుంచి 5000 ఉంటే మంచిదని వారి సలహా. మనకి 250 ఉన్నాయి కనుక పని జరుగుతుంది. కానీ ఆ 250 మందీ ఎక్కువగా స్నేహితులు, వారి స్నేహితులు. "చీరలు కొనేవారు" బదులు "న్యూజెర్సీ తెలుగువారు" అన్న పోలికే దొరికే ప్రమాదం ఉంది. పైగా అమెరికాలో ఒక్క శాతమన్నా ఇరవై లక్షల పైమాటే.

రెండుసార్లు కొన్నవారినే ఇద్దామంటే, వారు 140 మంది. సరిపోలేది 85, అంటే వంద దాటదు. అందుకని అందరినీ ఉంచి, ఒక్కొక్కరూ ఇంతవరకు ఖర్చుపెట్టిన మొత్తాన్ని ఇంకో కాలమ్‌గా ఇచ్చాం. అప్పుడు ఎక్కువ కొన్నవారి పోలికకి ఎక్కువ బరువు ఉంటుంది.

ఇప్పుడు దీని పక్కనే, అదే ఖర్చుతో, ఊరు మాత్రమే ఎంచుకున్న మామూలు యాడ్ కూడా నడుస్తోంది. ఈసారి లెక్కపెట్టేది ఒక్కటే: పాత జాబితాలో పేరు లేని కొనుగోలుదారు ఒక్కొక్కరు ఎన్ని డాలర్లకి వచ్చారు?