జర్మన్ మాట నోటికి రావాలంటే

జర్మన్ తొలి మెట్టు తరగతిలో డాక్టరు దగ్గరికి వెళ్లే పాఠం తీసుకుందాం. బోర్డు నిండా ముప్పై మాటలు రాసి వల్లె వేయించడం మామూలు. 45 నిమిషాలకు ఆరు చాలంటాను: ఫీబర్ అంటే జ్వరం, హూస్టెన్ దగ్గు, టెర్మీన్ అపాయింట్‌మెంట్, రెట్సెప్ట్ మందుల చీటీ, అపొటేకె మందుల షాపు, మ్యూడె అలసిపోయిన.

ప్రతి మాటా వాక్యంలోనే పరిచయం కావాలి. ‘ఇష్ హాబె జైట్ గెస్టెర్న్ ఫీబర్’, నిన్నటి నుంచి నాకు జ్వరం. దీంతో జ్వరానికి తోడొచ్చే ‘హాబె’ అనే క్రియ కూడా పట్టుబడుతుంది.

పది నిమిషాలయ్యాక బోర్డు తుడిచేసి, తెలుగులో అడగాలి. వెంటనే అందించకుండా కొన్ని క్షణాలు ఆగాలి. ఆ వెతుకులాటే జ్ఞాపకాన్ని గట్టిపరుస్తుంది. రోడిగర్, కార్పికె 2006లో చేసిన ప్రయోగంలో అయిదు నిమిషాల తర్వాత పరీక్షిస్తే మళ్లీ మళ్లీ చదివినవాళ్లే మెరుగు. వారం తర్వాత మాత్రం గుర్తుతెచ్చుకుని రాసినవాళ్లు ముందున్నారు. అందుకే పాఠం చివర, మర్నాడు, నాలుగో రోజు, పై వారం మళ్లీ అడగాలి. తప్పిన మాట తిరిగి మర్నాటి జాబితాలో చేరుతుంది.

ఆపైన జంటలుగా ఒక్క నిమిషం సంభాషణ: ఒకరు రోగి, ఒకరు క్లినిక్ రిసెప్షనిస్టు. కాగితం ఉండకూడదు. తర్వాత జంట మార్చి మళ్లీ అదే. జర్మన్ మాట వింటే అర్థం ఠక్కున చెప్పే విద్యార్థి ఇక్కడ ఖాళీ బోర్డు వైపు చూశాడంటే, అతనికి గుర్తుపట్టడమే వచ్చింది, పలకడం ఇంకా రాలేదు. ఆ మాటను రేపు మళ్లీ అడగాలి.